టెన్స్ ఎక్కడ కదలాలి, ప్రొనౌన్ ఎక్కడ మారాలి

"రవి రోట్ ఎ లెటర్" అన్న వాక్యాన్ని పాసివ్ వాయిస్‌లోకి మార్చమంటే "ఎ లెటర్ ఈజ్ రిటెన్ బై రవి" అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. "రవి సెడ్, 'ఐ యామ్ బిజీ'" అన్న మాటను ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లోకి మార్చమంటే "రవి సెడ్ దట్ హి ఈజ్ బిజీ" అని రాసేదీ చాలాసార్లు వాళ్లే. మొదటి జవాబులో కదలకూడని టెన్స్ కదిలింది. రవి ఎప్పుడో రాసిన ఉత్తరం రోజూ రాసే ఉత్తరమైపోయింది. రెండో జవాబులో కదలాల్సిన టెన్స్ ఉన్నచోటే ఉండిపోయింది. చూడ్డానికి ఇవి రెండు వేరువేరు తప్పులు. నిజానికి ఒక పాఠం నియమాన్ని ఇంకో పాఠంలో వాడడం వల్ల వచ్చినవే రెండూ.

అలా కలిసిపోవడానికి కారణం ఉంది. ఈ రెండు పాఠాలూ బళ్లో దాదాపు ఒకేసారి వస్తాయి, పరీక్షలో పక్కపక్కనే ఉంటాయి, రెండింట్లోనూ "వాక్యాన్ని మార్చి రాయండి" అనే అడుగుతారు. దాంతో మార్చడం అంటే టెన్స్, ప్రొనౌన్, అన్నీ మార్చేయడమే అన్న అభిప్రాయం పిల్లల్లో పడిపోతుంది. అసలు సంగతి వేరు. ఈ రెండు మార్పులూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. వాయిస్ మారితే టెన్స్ కదలదు. ప్రొనౌన్ ఏ మనిషిని చూపుతోందో అదీ మారదు, 'నేను' నేనుగానే ఉంటాను. మారేదల్లా వాక్యంలో ఆ ప్రొనౌన్ కూర్చునే చోటు, అంటే ఐ పోయి మి అవుతుంది, హిమ్ పోయి హి అవుతుంది. స్పీచ్ మారితే అంతా తిరగబడుతుంది. టెన్స్ ఒక మెట్టు వెనక్కి వెళ్తుంది, 'నేను' అన్న మనిషి 'అతను' అయిపోతాడు, కానీ కూర్చునే చోటు మారదు. సబ్జెక్ట్‌గా ఉన్నది సబ్జెక్ట్‌గానే, ఆబ్జెక్ట్‌గా ఉన్నది ఆబ్జెక్ట్‌గానే ఉంటుంది.

జవాబు రాశాక సరిచూసుకోవడానికి ఈ తేడా గుర్తుంటే చాలావరకు సరిపోతుంది. జవాబు మొత్తాన్ని మళ్లీ చదివి "వినడానికి బాగానే ఉంది" అనుకోవడం సరిచూడడం కాదు. ఇంగ్లిష్‌లో పుట్టి పెరిగినవాళ్లకు చెవి పట్టిచ్చే తప్పును మన చెవి పట్టివ్వదు. అందుకే వెర్బ్‌ను విడిగా, ప్రొనౌన్‌లను విడిగా, ఒక్కొక్కటిగా పెన్ను పెట్టి చూసుకోవాలి.

వాయిస్‌లో వెర్బ్

పాసివ్ వాయిస్‌లో టెన్స్ సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి పన్నెండు టెన్స్‌ల పట్టిక కంఠతా పట్టనక్కర్లేదు. ఒక్క సంగతి గమనిస్తే చాలు. పాసివ్‌లో కొత్తగా చేరేది బీ అన్న వెర్బ్ ఒక్కటే. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీ, బీయింగ్, బీన్ అన్నీ దాని రూపాలే. అది మెయిన్ వెర్బ్‌కు ముందు వచ్చి నిలబడి, అంతవరకు మెయిన్ వెర్బ్ తొడుక్కున్న చొక్కా తాను తొడుక్కుంటుంది. మెయిన్ వెర్బ్ మాత్రం ఏ టెన్స్ అయినా సరే మూడో రూపంలోకి, అంటే రిటెన్, బ్రోకెన్, మేడ్ లాంటి రూపంలోకి వెళ్లిపోతుంది.

యాక్టివ్‌లో రైట్స్ అని ఉంటే బీ కూడా అదే వర్తమాన రూపంలో ఈజ్ అవుతుంది: ఈజ్ రిటెన్. రోట్ అని ఉంటే వాజ్ రిటెన్. ఈజ్ రైటింగ్ అని ఉంటే ఈజ్‌ను ముట్టుకోనక్కర్లేదు, రైటింగ్‌లో ఉన్న ఇంగ్ బీకి వచ్చి బీయింగ్ అవుతుంది: ఈజ్ బీయింగ్ రిటెన్. హ్యాజ్ రిటెన్ అని ఉంటే ఆ మూడో రూపం బీకి వచ్చి బీన్ అవుతుంది: హ్యాజ్ బీన్ రిటెన్. విల్ రైట్ అని ఉంటే మెయిన్ వెర్బ్ ఏ చేర్పూ లేకుండా ఉంది కాబట్టి బీ కూడా అలాగే ఉంటుంది: విల్ బీ రిటెన్. కెన్, మస్ట్, షుడ్ ఉన్న వాక్యాలకూ ఇదే లెక్క.

కాబట్టి జవాబులో బీ రూపం కింద గీత గీయండి. ప్రశ్నలో మెయిన్ వెర్బ్ కింద గీత గీయండి. ఆ రెండూ ఒకే రకం రూపంలో ఉన్నాయా? ఉంటే టెన్స్ సరే. రోట్ గతం, ఈజ్ వర్తమానం, రెండూ కలవవు కాబట్టి మొదట చెప్పిన జవాబు అక్కడికక్కడే దొరికిపోతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. పాసివ్‌లో వెర్బ్‌కు సంబంధించిన మాటలు యాక్టివ్ కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ ఉండాలి. ఈజ్ రైటింగ్ రెండు మాటలు, ఈజ్ బీయింగ్ రిటెన్ మూడు. ఎవరైనా ఈజ్ రిటెన్ అని ఆపేస్తే, రెండుకు రెండే ఉన్నాయి కాబట్టి బీయింగ్ ఎగిరిపోయిందని తెలుస్తుంది.

ఈ లెక్క తప్పేది డూ, డజ్, డిడ్ ఉన్నప్పుడే. "డిడ్ హి బ్రేక్ ద గ్లాస్?" అన్నదానికి "వాజ్ ద గ్లాస్ బ్రోకెన్ బై హిమ్?" అన్నది సరైన జవాబు. రెండు వైపులా రెండేసి మాటలే. ఎందుకంటే డిడ్ ప్రశ్న కోసమో, నాట్ కోసమో తెచ్చిపెట్టుకున్న సాయం. బీ వచ్చాక దాని అవసరం ఉండదు. ముందు డిడ్ బ్రేక్‌ను బ్రోక్ అని మనసులో మార్చుకుని, తర్వాత పాసివ్ చేస్తే గందరగోళం ఉండదు. జవాబులో డిడ్ ఇంకా కనబడుతోందంటే అది తప్పేనని చూడకుండానే చెప్పవచ్చు.

మంచి విద్యార్థులు కూడా జారిపడే చోటొకటి ఉంది. కట్, పుట్, హిట్, రీడ్ లాంటి వెర్బ్‌లు వర్తమానంలోనూ గతంలోనూ ఒకే స్పెల్లింగ్‌తో ఉంటాయి. "రవి కట్ ద ట్రీ" అన్న వాక్యం చూసి "ద ట్రీ ఈజ్ కట్ బై రవి" అని రాసేస్తారు. రవి ఒక్కడే కాబట్టి వర్తమానమైతే కట్స్ అని చివర ఎస్ ఉండాలి. లేదంటే అది గతమే. జవాబు వాజ్ కట్. "దే కట్ ద ట్రీస్" అన్నప్పుడు మాత్రం ఆ ఆధారం కూడా ఉండదు. వాక్యంలో యెస్టర్‌డే లాంటి కాలం మాట లేకపోతే ఆర్ కట్, వర్ కట్ రెండూ ఒప్పుకోవలసిందే.

పాసివ్ చేయకూడని వాక్యాలున్నాయన్నది కూడా మరిచిపోతుంటారు. "ద బేబీ ఈజ్ స్లీపింగ్" అన్నదాంట్లో నిద్రపోయే పని ఇంకొకరి మీద పడదు, ఆబ్జెక్టే లేదు, అందుకని దానికి పాసివ్ లేదు. ఆబ్జెక్ట్ కోసం "ఏమిటి? ఎవరిని?" అని అడిగి చూసుకోవడం జవాబు మొదలుపెట్టేముందు చేయాల్సిన పని.

వాయిస్‌లో ప్రొనౌన్

"హి హెల్ప్‌డ్ మి" అన్నది "ఐ వాజ్ హెల్ప్‌డ్ బై హిమ్" అవుతుంది. ఇక్కడ సాయం చేసినవాడు అతనే, పొందినవాణ్ని నేనే. మనుషులు మారలేదు, కుర్చీలు మారాయి. సరిచూసేటప్పుడు రెండు చోట్ల ఆగితే చాలు. బై తర్వాత హి, ఐ, షి, దే ఉందంటే తప్పు. అక్కడ హిమ్, మి, హర్, దెమ్ ఉండాలి. వాక్యం మొదట్లో మి, హిమ్, దెమ్ ఉందంటే అదీ తప్పే.

ప్రొనౌన్ మారినప్పుడు దాని వెంట వెర్బ్ కూడా సర్దుకోవాలన్నది చాలామంది వదిలేస్తారు. "హి రైట్స్ లెటర్స్" అన్నదానికి "లెటర్స్ ఈజ్ రిటెన్" అని రాస్తారు. టెన్స్ సరిగ్గానే ఉంది, కానీ కొత్త సబ్జెక్ట్ బహువచనం కాబట్టి ఆర్ రావాలి. టెన్స్ పాత వెర్బ్‌ను చూసి, ఏకవచనమా బహువచనమా అన్నది కొత్త సబ్జెక్ట్‌ను చూసి తేల్చుకోవాలి. మై, హిజ్, దేర్ లాంటి సొంతదారు మాటలు మాత్రం ఎక్కడున్నా మారవు. "ఐ సోల్డ్ మై హౌస్" అన్నది "మై హౌస్ వాజ్ సోల్డ్ బై మి". ఇక్కడ కంగారుపడి హిజ్ అనో హర్ అనో రాసేవాళ్లు స్పీచ్ పాఠాన్ని వాయిస్ పాఠంలోకి తెచ్చుకున్నవాళ్లే.

వాయిస్‌కు ఇంకో మంచి సౌలభ్యం ఉంది. ప్రశ్న మూసేసి, జవాబును తిరిగి యాక్టివ్‌లోకి మార్చి చూసుకోవచ్చు. సరైన జవాబైతే మొదటి వాక్యం దాదాపు అక్షరం పొల్లుపోకుండా తిరిగొస్తుంది. రాకపోతే ఎక్కడ దారి తప్పిందో అక్కడే కనబడుతుంది. స్పీచ్‌లో ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. ఇన్‌డైరెక్ట్‌లో హ్యాడ్ మెట్ అని ఉంటే అది మెట్ నుంచి వచ్చిందో, హ్యావ్ మెట్ నుంచి వచ్చిందో, మొదటినుంచీ హ్యాడ్ మెట్టేనో జవాబు చూసి చెప్పలేం. మూడూ ఒకే చోటికి చేరతాయి.

స్పీచ్‌లో ముందు చూడాల్సింది సెడ్‌నే

మన తెలుగులో ఒకరి మాటను ఇంకొకరికి చేరవేసేటప్పుడు టెన్స్ కదలదు. "నేను రేపు వస్తాను" అని రవి అంటే, "తాను రేపు వస్తానని రవి చెప్పాడు" అంటాం. నేను పోయి తాను వచ్చింది గాని, వస్తాను అన్న భవిష్యత్తు అలాగే ఉంది. వెర్బ్ చివర ఉన్న ఉత్తమ పురుష కూడా అలాగే ఉంది. ఈ అలవాటుతోనే పిల్లలు "రవి సెడ్ దట్ హి విల్ కమ్" అని రాస్తారు. వాళ్లకు ఇంగ్లిష్ రాక కాదు, తెలుగు బాగా వచ్చినందువల్ల. ఈ సంగతి తరగతిలో ముందే చెబితే సగం తప్పులు పుట్టవని నా నమ్మకం.

ఇంగ్లిష్‌లో టెన్స్ కదలాలా వద్దా అన్నది కొటేషన్ బయట ఉన్న వెర్బ్ తేలుస్తుంది. అది సెడ్, టోల్డ్ లాంటి గతమైతే లోపలి టెన్స్ ఒక మెట్టు వెనక్కి వెళ్తుంది. సేస్, విల్ సే, హ్యాజ్ సెడ్ అయితే కదలదు. "రవి సేస్, 'ఐ యామ్ బిజీ'" అన్నదానికి "రవి సేస్ దట్ హి ఈజ్ బిజీ" అన్నదే సరైన జవాబు. యామ్ ఈజ్‌గా మారిందంటే టెన్స్ కదిలినట్టు కాదు, ఐ పోయి హి వచ్చినందుకు వెర్బ్ సర్దుకున్నదంతే. ఈ రెండు మార్పుల్నీ విడిగా చూడడం తెలియకే కొందరు "హి యామ్" దగ్గర, కొందరు "హి వాజ్" దగ్గర ఆగిపోతారు.

సెడ్ ఉన్నప్పుడు కదిలేది వెర్బ్ వరసలో మొట్టమొదటి మాట. ఈజ్ రైటింగ్‌లో ఈజ్ కదిలి వాజ్ రైటింగ్ అవుతుంది. హ్యాజ్ రిటెన్‌లో హ్యాజ్ కదిలి హ్యాడ్ రిటెన్. విల్ రైట్ అన్నది వుడ్ రైట్. కెన్ కుడ్ అవుతుంది, మే మైట్ అవుతుంది. లోపల పాసివ్ ఉన్నా ఇదే పద్ధతి, ఈజ్ బీయింగ్ బిల్ట్ అన్నది వాజ్ బీయింగ్ బిల్ట్. గతానికి మాత్రం వెనక్కి వెళ్లడానికి కొత్త మాట కావాలి కాబట్టి రోట్ అన్నది హ్యాడ్ రిటెన్ అవుతుంది, వాజ్ రైటింగ్ అన్నది హ్యాడ్ బీన్ రైటింగ్ అవుతుంది. అప్పటికే హ్యాడ్ ఉన్నదానికి ఇంక వెనక మెట్టు లేదు, అది అలాగే ఉండాలి. వుడ్, కుడ్, షుడ్, మైట్ కూడా కదలవు.

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు లాంటి ఎప్పటికీ నిజమైన మాటలకు సెడ్ ఉన్నా టెన్స్ కదలదని పుస్తకాలన్నీ చెబుతాయి. పుస్తకాలు అంతగా చెప్పనిది ఇంకొకటుంది. ఒకావిడ "ఐ లివ్ ఇన్ గుంటూర్" అని చెప్పింది, ఇప్పటికీ అక్కడే ఉంటోంది. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు దాన్ని చేరవేసేటప్పుడు షి లివ్స్ అని కూడా అంటారు, అది తప్పు కాదు. ఇంకా నిజమైన సంగతికి టెన్స్ కదపడం వాడుకలో ఐచ్ఛికం. పరీక్ష కీలో మాత్రం లివ్‌డ్ అనే ఉంటుంది. పరీక్ష రాసే పిల్లలు లివ్‌డ్ అనే రాయాలి. ఉపాధ్యాయులు మాత్రం లివ్స్ అనేది ఇంగ్లిషే కాదని పిల్లలకు చెప్పకూడదు.

ప్రొనౌన్‌లకు కోచింగ్ సెంటర్లలో ఎస్, ఓ, ఎన్ అని ఒక గుర్తు చెబుతారు. లోపలి ఐ, మై, మి లాంటివి బయటి సబ్జెక్ట్ ఎవరో చూసి మారతాయి. యు, యువర్ బయటి ఆబ్జెక్ట్ ఎవరో చూసి మారతాయి. హి, షి, దే మారవు. ఇది మంచి గుర్తే గాని, ఎవరిగా మారాలో చెబుతుంది తప్ప ఏ రూపంలో మారాలో చెప్పదు. అందుకని దానికి ఇంకొకటి కలుపుకోవాలి. పాత ప్రొనౌన్ సబ్జెక్ట్ రూపంలో ఉంటే కొత్తదీ సబ్జెక్ట్ రూపంలోనే, ఆబ్జెక్ట్ రూపంలో ఉంటే ఆబ్జెక్ట్ రూపంలోనే, సొంతదారు రూపంలో ఉంటే అదే రూపంలో ఉండాలి.

ఒక జవాబును దిద్ది చూద్దాం

ప్రశ్న ఇది: సీత సెడ్ టు రవి, "ఐ మెట్ యువర్ బ్రదర్ యెస్టర్‌డే అండ్ హి విల్ హెల్ప్ మి టుమారో." ఒక విద్యార్థి ఇలా రాశాడనుకుందాం: "సీత టోల్డ్ రవి దట్ షి మెట్ యువర్ బ్రదర్ ద ప్రీవియస్ డే అండ్ హి విల్ హెల్ప్ షి ద నెక్స్ట్ డే." సెడ్ టు పోయి టోల్డ్ వచ్చింది. దట్ వచ్చింది. యెస్టర్‌డే, టుమారో కూడా సరిగ్గానే మారాయి. పైపైన చూస్తే పాఠం వచ్చిన పిల్లవాడే.

వెర్బ్‌ల దగ్గరకు వద్దాం. బయట సెడ్ ఉంది కాబట్టి లోపలి రెండు వెర్బ్‌లూ కదలాలి. మెట్ అలాగే ఉంది, హ్యాడ్ మెట్ కావాలి. విల్ హెల్ప్ అలాగే ఉంది, వుడ్ హెల్ప్ కావాలి. తర్వాత ప్రొనౌన్‌లు. ప్రశ్నలో నాలుగున్నాయి: ఐ, యువర్, హి, మి. ఐ అంటే సీత, సబ్జెక్ట్ కుర్చీలో ఉంది, షి సరైనదే. యువర్ అంటే రవిది, అది హిజ్ కావాలి. జవాబులో యువర్ అలాగే ఉండడంతో ఆ తమ్ముడు చదివేవాళ్ల తమ్ముడైపోయాడు. హి మారదు, సరే. మి అంటే మళ్లీ సీతే, కానీ ఆబ్జెక్ట్ కుర్చీలో ఉంది. మనిషిని సరిగ్గా పట్టుకుని రూపం తప్పాడు. షి కాదు, హర్.

దిద్దాక వాక్యం ఇలా ఉంటుంది: "సీత టోల్డ్ రవి దట్ షి హ్యాడ్ మెట్ హిజ్ బ్రదర్ ద ప్రీవియస్ డే అండ్ దట్ హి వుడ్ హెల్ప్ హర్ ద నెక్స్ట్ డే." రెండో దట్ ఉంటే రెండు సంగతులూ సీత చెప్పినవేనని తేటగా తెలుస్తుంది. ఇక్కడ ఇంకో చిక్కు మిగిలింది. హి వుడ్ హెల్ప్ అన్న హి తమ్ముడా, రవా? నియమాల ప్రకారం జవాబు పూర్తిగా సరైనదే, అయినా అర్థం రెండు వైపులా లాగుతోంది. పరీక్షలో దీనికి మార్కు పోదు. పత్రికకో ఆఫీసుకో రాసేటప్పుడు మాత్రం హి తీసేసి హిజ్ బ్రదర్ అని మళ్లీ రాయడమే మేలు. ప్రొనౌన్ సరిచూడడం అంటే రూపం ఒక్కటే చూడడం కాదు, అది ఎవరిని చూపుతోందో చదివేవాళ్లకు తెలుస్తోందా అన్నదీ చూడాలి.

ప్రశ్న వాక్యాల్లో తప్పు ఇంకో దారిలో దూరుతుంది. ద టీచర్ సెడ్ టు ద బాయ్స్, "డిడ్ యు ఫినిష్ యువర్ వర్క్?" దీనికి "ద టీచర్ ఆస్క్‌డ్ ద బాయ్స్ దట్ డిడ్ దే ఫినిష్‌డ్ దేర్ వర్క్" లాంటి జవాబులు వస్తుంటాయి. ప్రొనౌన్‌లు రెండూ ఒప్పే, బాయ్స్ బహువచనం కాబట్టి యు దే అయింది, యువర్ దేర్ అయింది. తప్పంతా వెర్బ్ దగ్గరే ఉంది. మాట చేరవేసేటప్పుడు ప్రశ్న ప్రశ్నగా మిగలదు, మామూలు వాక్యంగా మారిపోతుంది. అందుకని డిడ్ పోవాలి, సబ్జెక్ట్ ముందుకు రావాలి, దట్ బదులు ఇఫ్ రావాలి: "ఆస్క్‌డ్ ద బాయ్స్ ఇఫ్ దే హ్యాడ్ ఫినిష్‌డ్ దేర్ వర్క్." వేర్, వై, వెన్ లాంటి మాటతో మొదలయ్యే ప్రశ్నలకు ఇఫ్ కూడా అక్కర్లేదు, ఆ మాటే సరిపోతుంది. అక్కడా తర్వాత వెంటనే సబ్జెక్టే రావాలి. "వేర్ హ్యాడ్ ఐ గాన్" అని కనబడితే తప్పు, "వేర్ ఐ హ్యాడ్ గాన్" అని ఉంటే ఒప్పు.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ లాంటి పోటీ పరీక్షల్లో జవాబు రాయనక్కర్లేదు, నాలుగిట్లో ఒకటి ఎంచుకోవాలి. అక్కడ నాలుగు వాక్యాలనూ మొదటినుంచి చివరిదాకా చదివితే అన్నీ ఒప్పులాగే అనిపిస్తాయి, సమయమూ పోతుంది. నాలుగిట్లోనూ వెర్బ్ వరసను మాత్రమే చూసి టెన్స్ తప్పినవి కొట్టేయండి. సాధారణంగా ఒకటో రెండో మిగులుతాయి. వాటిలో ప్రొనౌన్‌లను మాత్రమే చూడండి. కాలం మాటలు చివర చూసుకోవచ్చు.

ఇళ్లలో పిల్లల నోటుపుస్తకాలు చూసే తల్లిదండ్రులకూ, పేపర్లు దిద్దే ఉపాధ్యాయులకూ నాదొక విన్నపం. ఈ జవాబుల మీద ఒక్క అడ్డగీత గీసి వదిలేయకండి. టెన్స్ తప్పితే ఆ వెర్బ్‌కు, ప్రొనౌన్ తప్పితే ఆ ప్రొనౌన్‌కు మాత్రమే సున్నా చుట్టండి. "మనిషి సరే, రూపం తప్పు" అనో, "సెడ్ చూడలేదు" అనో పక్కన ఒక మాట రాయండి. పైన సీత వాక్యం రాసిన పిల్లవాడికి తొమ్మిది మార్పుల్లో ఐదు వచ్చు. ఏ నాలుగు రాలేదో వాడికి తెలియాలి.